ఒకటి చుక్క నలభై

డైనింగ్ టేబుల్ దగ్గర, కలిపిన ముద్ద చేతిలో ఉండగానే, నేను కొంతసేపు లేకుండా పోయానట. కళ్ళు తెరిచే ఉన్నాయి, ముద్ద జారలేదు. మా ఆవిడ పిలిస్తే పలకలేదు. తేరుకున్నాక, "చారు వెయ్యి" అన్నాను, అంతకుముందే చారు వేసి ఉన్నా. విశాఖపట్నంలో నరాల డాక్టరు పరీక్షలన్నీ చూసి, ఇదీ మూర్ఛలో ఒక రకమేనని, మనిషి పడిపోడు గానీ ఆ కాసేపు లెక్కలోకి రాకుండా పోతుందని చెప్పాడు. మాత్రలు రాశాడు. కొన్నాళ్ళు ఏ బండీ ఎక్కొద్దన్నాడు. ఆ గడువు దాటాక సైకిలుకు ఒప్పుకున్నాడు, మళ్ళీ ఒక్కసారి వచ్చినా అదీ మానాలన్న షరతు మీద.

మా ఆవిడ దానికి తన షరతులు జోడించింది. రోజూ ఒకే దారి, ఒకే వేళ. వెళ్ళిందీ వచ్చిందీ లాగ్ పుస్తకంలో రాసి పెట్టాలి. ఆదివారం తన తమ్ముడు వచ్చి చూస్తాడు. మా బావమరిది పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు, సెలవొస్తే సైకిల్ మీద పాడేరు ఘాటు ఎక్కి వస్తాడు. నా సైకిలుకు స్పీడోమీటరు బిగించింది కూడా అతనే. ముందు చక్రం పుల్లకు చిన్న అయస్కాంతం, దానికి ఎదురుగా ఫోర్కు మీద ఒక సెన్సారు, హ్యాండిల్ మీద అగ్గిపెట్టెంత తెర. నేను దానిలో దూరం తప్ప మరేమీ చూసేవాణ్ణి కాను. టైముకు నా చేతి వాచీ చాలు.

చోడవరం నుంచి దేవరాపల్లి రోడ్డులో కాలువ వంతెన దాకా పదిహేను కిలోమీటర్లు. వంతెన మీద దిగకుండానే సైకిల్ తిప్పుకుని వచ్చేస్తాను. మొత్తం ముప్ఫై. చలికాలం వచ్చిందంటే ఆ దారి సగం చెరుకుదే. రెండు పక్కలా మనిషి కంటే ఎత్తు తోటలు, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు వెళ్ళే ట్రాక్టర్లు, వాటి వెనక రోడ్డు మీద రాలిన ఆకు. గాలి లేకపోయినా చెరుకు ఆకు చప్పుడు చేస్తుంది. మొదట్లో ఎవరో లోపల నడుస్తున్నారనుకునేవాణ్ణి, తర్వాత అలవాటైంది.

ఆ వారంలో రెండు సవారీలు పక్కపక్కనే రాసుకున్నాను. గురువారం ఆకాశం శుభ్రంగా ఉంది. ఐదు యాభైకి బయల్దేరి ఏడున్నరకు ఇంట్లో ఉన్నాను. శనివారం మంచు. మూడు బారల అవతల రోడ్డు లేదు. అదే ఐదు యాభైకి బయల్దేరితే ఇల్లు చేరేసరికి ఏడు యాభై అయింది. గేటు తీస్తుంటే ఎండ వీపు మీద పడింది, అంత పొద్దెక్కిందని అప్పుడే తెలిసింది.

లాగ్‌లో ఇలా రాశాను: గురువారం 1.40, శనివారం 2.00. ఫోన్‌లో లెక్క వేశాను. ముప్ఫైని 1.40తో భాగిస్తే ఇరవై ఒకటి పాయింట్ నాలుగు. ముప్ఫైని రెండుతో భాగిస్తే పదిహేను. రెండ్రోజుల్లో వేగం గంటకు ఆరు కిలోమీటర్ల పైన పడిపోయింది. మంచు కొంత, వయసు కొంత అనుకున్నాను. అయినా ఆ అంకెలు చూస్తే మనసు కుదుట పడలేదు. శనివారం నా కాళ్ళు బరువెక్కినట్టు గుర్తు లేదు. గురువారం ఎలా తొక్కానో అలాగే తొక్కాను.

ఆదివారం పొద్దున్న మా బావమరిది వచ్చి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని లాగ్ చూశాడు. చూస్తూనే నవ్వాడు.

"ఇరవై ఒకటేటి బావా? ఎనకాల మోటారు కట్టుకున్నావేటి?"

లెక్క ఎలా వేశానో చూపించాను. అతను నవ్వు ఆపుకుని, చూపుడువేలు 1.40లోని చుక్క మీద పెట్టాడు.

"ఇది పేపరోళ్ళ సుక్క బావా. దీన్ని తీసుకెళ్ళి కాలిక్యులేటర్‌లో పెడితే ఎలాగ? గంటా నలభై నిమిషాలంటే వంద నిమిషాలు. గంటల్లో సెప్పాలంటే ఒకటీ పాయింట్ ఆరు ఏడు. ముప్ఫైని దాంతో భాగించు."

పద్ధెనిమిది వచ్చింది.

అతను చెప్పింది నిజమే. పేపరులో ముప్ఫై ఏళ్ళకు పైగా 'ఉదయం 6.40 గంటలకు' అని రాశాను, వేరేవాళ్ళు రాసింది దిద్దాను. మా చుక్కకు అటు గంటలు, ఇటు నిమిషాలు. అది అరవైకి నిండుతుందే గానీ వందకు కాదు. రెండు గంటలకు చుక్క పక్కన సున్నాలే కాబట్టి అక్కడ లెక్క తప్పలేదు, గురువారానిదే తప్పింది. ఇరవై ఒకటి అన్నది ఎప్పుడూ లేదు. పద్ధెనిమిది నుంచి పదిహేనుకు, మంచులో, అరవై దాటిన మనిషి. నాకు ఊపిరి తేలికైంది. వంటింట్లోంచి వింటున్న మా ఆవిడకు కూడా అయినట్టుంది, రెండో విడత టీ తనంతట తనే తెచ్చింది.

మా బావమరిది లేచి సైకిల్ దగ్గరికి వెళ్ళాడు. శనివారం తర్వాత దాన్ని ఎవరూ కదపలేదు. అతను తెర మీద మీట ఒకటి నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. తర్వాత నొక్కడం మానేసి దానివైపే చూస్తూ నిలబడ్డాడు.

"బావా, నిన్న దార్లో ఎక్కడాగేవు?"

ఎక్కడా ఆగలేదన్నాను. ట్రాక్టర్ల వరస దాటేందుకు ఒకచోట కాలు కింద పెట్టానేమో, మహా అయితే నిమిషం.

అతను నన్ను పిలిచి చూపించాడు. దూరం ముప్ఫై. సగటు పదిహేడు పాయింట్ తొమ్మిది. తొక్కిన కాలం గంటా నలభై నిమిషాలు, పైన కొన్ని సెకన్లు. ఆ యంత్రం చక్రం తిరిగినంతసేపే కాలాన్ని లెక్కపెడుతుందని, చక్రం ఆగితే అదీ ఆగుతుందని వివరించాడు. వాచీ ఆగదు. వాచీ లెక్కన రెండు గంటలు, పదిహేను. చక్రం లెక్కన గంటా నలభై, దాదాపు పద్ధెనిమిది. శనివారం నేను గురువారం తొక్కినట్టే తొక్కాను. మిగతా ఇరవై నిమిషాలు చక్రం కదలలేదు.

అయస్కాంతం జరిగి ఉంటుందేమో అన్నాను.

"అది తప్పితే దూరం కూడా తగ్గిపోవాల కదా బావా. దూరం సరిగ్గానే ఉంది."

మా ఆవిడ వసారాలోకి వెళ్ళి నా శనివారపు బూట్లు తెచ్చి మెట్టు మీద పెట్టింది. ఎడమ బూటుకు మడమ దాకా ఎండిన ఒండ్రు. ఆ రోడ్డంతా తారే.

శనివారాన్ని మొదటినుంచీ గుర్తు చేసుకోవడానికి కూర్చున్నాను. బయల్దేరడం, బస్టాండు దగ్గర ఆటోలు, మంచు, బెల్లం పొయ్యి వాసన, వంతెన, తిరుగు దారి, మళ్ళీ ఆటోలు. ఎక్కడా ఖాళీ లేదు. పేపరు డెస్కులో కథనం పెద్దదైతే మధ్యలో ఒక పేరా తీసేసి పైవాక్యాన్నీ కిందవాక్యాన్నీ కలిపేవాళ్ళం. బాగా తీసిన చోట, రాసినవాడు కూడా పోల్చుకోలేడు. నా శనివారాన్ని ఎవరో అంత బాగా దిద్దారు.

సోమవారం, ఎక్కడ ఆగానో వెతకడానికి, నేనూ మా బావమరిదీ కలిసి బయల్దేరాం. మళ్ళీ మంచు. తను వెనక వస్తానన్నాడు. వెళ్ళేటప్పుడు ఏమీ దొరకలేదు. వంతెన దగ్గర తిరిగాక నాలుగైదు కిలోమీటర్లు వచ్చాం. బెల్లం గానుగ పక్కన ఒక రేకుల కొట్టు ఉంది. దాని ముందునుంచి రోజూ వెళతాను గానీ ఎప్పుడూ ఆగింది లేదు. పొయ్యి ముందు ఉన్న ఆవిడ మమ్మల్ని చూసి, నన్ను పోల్చుకున్నట్టు తలాడించింది. మా బావమరిది సైకిల్ దిగి, ఈయన మొన్న ఇక్కడ ఆగారా అని అడిగాడు.

ఆగడమా, చాలాసేపు ఉన్నారంది. మంచులో నేను ఆ మూల, చెరుకు గట్టు దిగి, బురదలో ఒక కాలు పెట్టి తోటలోకి చూస్తూ నిలబడ్డాననీ, తెల్ల చొక్కా కనబడి ముందు తాను జడుసుకున్నాననీ చెప్పింది. కాలకృత్యానికి దిగి ఉంటానని అటు చూడటం మానేసిందట. ఎంతకీ కదలకపోయేసరికి దగ్గరికి వచ్చి, టీ కావాలా బాబూ అని అడిగిందట.

"తెమ్మన్నానా?" అన్నాను.

"తల ఊపేరు. గళాసు సేతికిచ్చేను. తాగలేదు బాబూ, అలాగే పట్టుకున్నారు. సల్లారిపోనాది. మళ్ళీ నా సేతికే ఇచ్చేసి సైకిలెక్కి ఎలిపోనారు."

మా బావమరిది, ఆయనేమైనా మాట్లాడారా అని అడిగాడు. ఆవిడ చెప్పాలా వద్దా అన్నట్టు నా ముఖం చూసింది.

"నాతో కాదు బాబూ. తోటలోకి సూసి, 'వస్తన్నానే, వస్తన్నాను' అన్నారు. లోపల మీ ఆడోళ్ళున్నారనుకున్నాను. సూస్తే ఎవరూ లేరు."

నేను 'వస్తన్నాను' అనను. చిన్నప్పుడు అనేవాణ్ణి. పేపరులో చేరిన కొత్తలో నా రాతలోంచీ నోట్లోంచీ ఆ మాటను కొట్టేశారు, తర్వాత ఇతరుల రాతల్లోంచి నేనే కొట్టేశాను. ఇంట్లో కూడా 'వస్తున్నాను' అనే అంటాను. ఆ గట్టు దగ్గరికి వెళ్ళి చూశాను. బురదలో ఒక బూటు గుర్తు, ముంగాలి వైపు లోతుగా, తోట వైపుకు. ఆకు చప్పుడు చేస్తూనే ఉంది. మా బావమరిది నా మోచెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి తెచ్చాడు. తోటలో ఎవరున్నారని నేనూ అడగలేదు, అతనూ అడగలేదు.

ఈ మాట మీ అక్కకూ డాక్టరుకూ చెప్పాల్సిందే కదా అన్నాను. చెప్పాల్సిందే అన్నాడు. నాకు ఆ సైకిల్ అంటే ఏమిటో అతనికి తెలుసు. ఉద్యోగం పోయాక పొద్దున్నే లేవడానికి నాకు మిగిలిన కారణం అదొక్కటే. ఊరు ఇంకా పది కిలోమీటర్లు ఉంది. ఇల్లు చేరేదాకా తొక్కనిమ్మన్నాను. కాసేపు ఆలోచించి, నన్ను ముందు వెళ్ళమన్నాడు. వెనకనుంచి అప్పుడప్పుడు పిలుస్తాననీ పలుకుతూ ఉండమనీ చెప్పాడు.

అలాగే వచ్చాం. మంచు పలచబడుతోంది. "బావా" అనేవాడు, "ఊఁ" అనేవాణ్ణి. కాస్త దూరం పోయాక మళ్ళీ. కాళ్ళు బాగున్నాయి, చక్రం తేలిగ్గా తిరుగుతోంది. తెర మీద అంకె పద్ధెనిమిది దగ్గర నిలకడగా ఉంది. ఈ మాత్రం మనిషిని ఎందుకు ఆపాలి అని కూడా ఒకసారి అనిపించింది. "బావా" అన్నాడు. "ఊఁ" అన్నాను.

అతను గబగబా తొక్కుకుంటూ నా పక్కకు వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"మూడుసార్లు పిలిచేను బావా. నువ్వు పలికింది మూడోసారే."

నాకు ఒక్క పిలుపే వినిపించింది. సైకిల్ దిగి, హ్యాండిల్ అతని చేతికి ఇచ్చేశాను.