తోక దగ్గర సన్నటి గీత

“ఆ పాళీ ఫొటో పెద్దది చెయ్యమ్మా. పక్కనుంచి తీసింది కాదు, పైనుంచి తీసింది,” అన్నాడు పెన్నులు బాగుచేసే ముసలాయన.

పక్కింటి టీచరమ్మ ఫోను ఆయన ముందుకు జరిపింది. “పాత సామాన్ల కొట్లో కనిపించింది బాబాయ్. కొనొచ్చా? ఇప్పటికే ఇంట్లో నాకంటే పెన్నులకే చోటెక్కువ.”

ఆయన నవ్వలేదు. పాళీ మొన తిన్నగా లేదు, ఎడమ పాదం వేళ్ళ వరసలా ఏటవాలుగా ఉంది. పెన్ను వొంచి రాసే తమ్ముడి కోసం ఒకప్పుడు ఆయన అలాగే అరగదీసి ఇచ్చాడు. తమ్ముడు ఇల్లు విడిచిపోయిన రోజు కూడా అది వాడి జేబులోనే ఉంది. ప్రాణం పోతే తప్ప దాన్ని వదిలే రకం కాదు వాడు.

“ఇలాంటి పాళీలు బోలెడుంటాయి,” అని తనకు తానే చెప్పుకుని రెండో ఫొటో చూశాడు. పక్కన సిరా నింపే మీట లేదు. సిరా కనిపించే కిటికీ లేదు. తోక దగ్గర సన్నటి గీత మాత్రం ఉంది.

“తోక తిప్పితే సిరా పీల్చే రకమా బాబాయ్?”

“కావచ్చు. అదైతే తోక తిరుగుతుంది గానీ ఊడి రాదు. మూతలా ఊడొచ్చిందంటే కింద బొత్తం ఉంటుంది. దాన్ని నొక్కి వదిలితే లోపలి రబ్బరు తిత్తి సిరా పీలుస్తుంది.”

తమ్ముడిది బొత్తం పెన్నే. అసలు బొత్తం పోతే రాగి ముక్క అరగదీసి ఆయనే అమర్చాడు.

ఆయన ఫోను బోర్లించాడు. “వెళ్ళి ఆ తోక తిప్పి చూడమ్మా. ఊడకపోతే పరిగెత్తుకొచ్చి చెప్పు. ఊడి, కింద రాగి కనిపిస్తే మాత్రం ఏమీ చెప్పకు. కొని తెచ్చి నా చేతిలో పెట్టు.”