కొత్త మంట దగ్గర ఆగిన ఆట

భూపాలపల్లిలో నాకొక కంప్యూటర్ల దుకాణం ఉంది. అమ్ముతాను, బాగుచేస్తాను. ఒకే మనిషి ఒకే ఫిర్యాదుతో మూడోసారి మెట్లెక్కితే నాకు కాలు నిలవదు. చెల్పూర్ థర్మల్ ప్లాంటులో ఆపరేటర్‌గా చేసే అన్న ఆరోజు అలాగే వచ్చాడు. సీపీయూను కౌంటర్ మీద దించాడు. కూర్చోమంటే కూర్చోలేదు. వెనకే ఆయన భార్య.

ఆటలు ఆడేది ఆమె. అంగన్‌వాడీ టీచర్. సెంటర్ మూసి ఇంటికి రాగానే ఒక గంట కత్తి పట్టుకుని కోటలూ అడవులూ తిరిగే ఆట ఆడుతుంది. పెళ్లిరోజుకని ఆయన నా దగ్గరే, తెర మీద ఆట బొమ్మలు గీసే గట్టి గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. ప్రాసెసర్ మాత్రం పాతది. "అది నడుస్తుంది అన్నా" అన్నది నేనే.

"చెల్లె, నిజం చెప్పు. గిది ఎవరో వాడి వదిలేసిన కార్డే కదా?"

"కాదన్నా. సీలు మీ ముందే తీసిన కదా."

"మరి ఏంది గీ పరేషాన్? ఆట నడుస్త నడుస్త టక్కున ఆగుతది, మళ్ల పోతది."

అంతకుముందు రెండుసార్లూ కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తగా వేశాను. డిస్కులో పేరుకున్న తాత్కాలిక ఫైళ్లన్నీ తుడిచాను. రెండుసార్లూ ఇంటికెళ్లిన మొదటిరోజే ఫోన్ వచ్చింది. ఇప్పుడు దుకాణంలోని నా కార్డు తీసి పెట్టి చూశాను. అదే ఆగడం. అంటే తప్పు కార్డుది కాదు. ఆ మాట ఆయనకు ఊరట, నాకు భయం. ఇక తప్పు నాదే కావచ్చు.

ఆయన కార్డు మళ్లీ పెట్టి, ఆమెనే ఆడమన్నాను. ఒక్కో దృశ్యం గీయడానికి ఎంత సమయం పడుతోందో చూపే గీతను తెర మూలన పెట్టాను. ఆయన గుమ్మం దాకా వెళ్లి వస్తున్నాడు. నేను స్క్రూడ్రైవర్‌ను చేతిలో తిప్పుతూనే ఉన్నాను.

ఆమె ఒక దివిటీ వెలిగించింది. బొమ్మ ఆగింది, గీత నిటారుగా లేచింది. రెండో దివిటీ వెలిగించింది. ఏమీ కాలేదు.

"చూసినవా చెల్లె? మొదటిసారే ఆగుతది. తర్వాత ఎన్ని ముట్టిచ్చినా ఆగది. నేను ఇంట్ల గూడ చూసిన. గీయనకు చెప్తే వినడు."

నా చెయ్యి ఆగిపోయింది.

మంట, నీరు, పొగ ఎలా కనిపించాలో చెప్పే చిన్న ప్రోగ్రాములను షేడర్లంటారు. ఆట చేసినవాళ్లకు మన ఇంట్లో ఏ కార్డు ఉందో తెలియదు. అందుకే వాటిని ఆ కార్డుకు అర్థమయ్యే భాషలోకి మన కంప్యూటరే మార్చుకోవాలి. మార్చేది కార్డు కాదు, ప్రాసెసర్. ఆట మధ్యలో కొత్త మంట ఎదురైతే పాత ప్రాసెసర్ ఆ పని ముగించేదాకా కార్డు ఎంత వేగంగలదైనా ఖాళీగా నిలబడాల్సిందే. ఒకసారి మార్చినది డిస్కులో దాచుకుంటుంది కాబట్టి రెండోసారి ఆగదు.

దాచుకున్నదాన్ని రెండుసార్లు తుడిచేసింది నేను. శుభ్రం చేస్తున్నాననుకుని.

"ఆట తెరిచినంక షేడర్లు తయారైతున్నయని ఒక గీత నిండుతది. దాన్ని పూర్తి కానిస్తున్నరా అక్కా?"

"అది ఎంతకూ కదలది. స్కిప్ కొడ్త."

"ఇయ్యాల కొట్టకుండ్రి."

అరగంట దాటినా గీత నిండలేదు. ప్రాసెసర్ వాడకం నూరు శాతం దగ్గర నిలబడింది. ముగ్గురం టీ తాగాం. కుర్చీలోంచి లేస్తూ, కూర్చుంటూ చివరికి చెప్పేశాను.

"అన్నా, తప్పు నాదే. డ్రైవర్ మార్చినప్పుడల్లా, డిస్కు తుడిచినప్పుడల్లా గీ పనంత మళ్ల మొదటికి వచ్చింది."

ఆయన కోప్పడతాడనుకున్నాను. నా ముఖంలోకి చూసి, మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మొదలే చెప్పాల్సింది చెల్లె. నేను నిన్ను దొంగ లెక్క చూసిన."

"అప్పుడు నాకే తెల్వదు అన్నా."

గీత నిండింది. ఆమె కోటంతా తిరిగింది, దివిటీలన్నీ ముట్టించింది. ఎక్కడా ఆగలేదు. చెరువు దాటి కొత్త ఊళ్లోకి అడుగుపెట్టినప్పుడు మాత్రం ఆట కాస్త తడబడింది. అది షేడర్ల వల్ల కాదు. ఆ ఊరిని డిస్కులోంచి తెచ్చి విప్పి పేర్చే పని కూడా ప్రాసెసర్‌దే. అది పోవాలంటే ప్రాసెసర్ మార్చాలి. ఈసారి నడుస్తుంది అనలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"గంత మాత్రం ఓర్చుకుంట," అందామె, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

వాళ్లు వెళ్లాక కూడా నాకు కుదురు రాలేదు. వారానికోసారి తాత్కాలిక ఫైళ్లన్నీ తుడవండని నేను నేర్పినవాళ్లు జనగామలో, మహబూబాబాద్‌లో ఇంకా ఉన్నారు. ఫోన్ తీసి, గుర్తొచ్చినవాళ్లకు ఒక్కొక్కరికీ చేయడం మొదలుపెట్టాను.