నూట నాలుగు, కింది బాణం

మా చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. మధ్యలో వదిలిన దారి నాలుగడుగులకు మించదు గానీ, ఆరాధన జరుగుతుండగా దాన్ని దాటి అవతలికి వెళ్లిన మగమనిషిని నేనెప్పుడూ చూడలేదు. మా అమ్మాయికి పదకొండో ఏట షుగరు వచ్చాక ఆ నాలుగడుగులే మాకు ఇబ్బందయ్యాయి. ఆమె చేతికున్న సెన్సరు చెప్పే అంకెలు నా ఫోనులో కనిపిస్తాయి. ఆమేమో అవతలి పక్క, పాటలు పాడే పిల్లల వరసలో ఉంటుంది. అందుకని ఇద్దరం సైగలు పెట్టుకున్నాం. ఆమె అరచెయ్యి తిప్పితే ఎంతుందని అడిగినట్టు. నేను బొటనవేలు పైకెత్తితే బాగుందని. పిడికిలి బిగిస్తే బయటికి రమ్మని.

ఆ సెన్సరు రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉంటుంది. దాన్ని జబ్బ వెనక అంటిస్తే, దాని అడుగునున్న వెంట్రుకంత తీగ చర్మం కిందికి దిగుతుంది. రెండు వారాలు అది అలాగే ఉండి, నిమిషాల తేడాతో అంకెలు పంపిస్తుంది. మొదటిసారి అంటించిన రోజు రాజమండ్రి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

“మాస్టారూ, ఇది రక్తంలో షుగరు చూడదండి. చర్మం కింద కణాల మధ్య ఉండే నీటిలో చూస్తుంది. కాలవలో నీళ్లు తగ్గితే చేలో వెంటనే తగ్గవు కదండీ? రక్తం కాలవ అనుకోండి. ఇది చూసేది చేను. ఐదు నిమిషాల నుంచి పావుగంట దాకా వెనకబడుతుంది. షుగరు నిలకడగా ఉన్నప్పుడు ఆ తేడా తెలీదు. జోరుగా పడేటప్పుడు, లేచేటప్పుడే జాగ్రత్త.”

తరవాత అంకె పక్కనుండే బాణం చూపించింది. అడ్డంగా ఉంటే నిలకడ. ఏటవాలుగా ఉంటే నిమిషానికి ఒకటి రెండు పాయింట్ల చొప్పున మారుతోందని. నిట్టనిలువుగా కిందికి ఉంటే నిమిషానికి రెండు పాయింట్ల కంటే జోరుగా పడిపోతోందని. “అంకె ఒక్కటే చూడకండి. పాపకి తేడాగా ఉండి ఫోనేమో బాగుందంటే, పాపనే నమ్మండి. వేలు గుచ్చి రక్తం చూడండి,” అంది.

నేను తలూపాను. మండపేట దగ్గర హైస్కూల్లో ఇరవయ్యేళ్లుగా లెక్కలు చెబుతున్నవాణ్ని. వాలు అంటే ఏంటో పిల్లలకి బోర్డు మీద గీసి చూపించేవాణ్ని. నాకు ఈవిడ బాణాలు నేర్పడమేంటని లోపల కాస్త నవ్వుకున్నాను కూడా. పైగా నాకు రోజూ వేలు గుచ్చే పీడ వదిలిందన్న సంబరం. అప్పటికి మా అమ్మాయి వేళ్ల చివర్లు గుచ్చి గుచ్చి గట్టిపడిపోయాయి. మా ఆవిడ మాత్రం గ్లూకోమీటరు, గ్లూకోజు పొడి డబ్బా తన సంచిలోంచి తియ్యలేదు. “ఫోనుండగా ఇంకా ఈ సామానెందుకు మోస్తావ్?” అని నేను ఆటపట్టించేవాణ్ని.

గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. కిందటేడాది నాలుగో మాట నాకిచ్చారు. నాలుగు పేజీలు రాసుకున్నాను. ఊరంతా ఉపవాసం గానీ, ఇన్సులిన్ వేసుకునే పిల్లకి ఉపవాసం కూడదని మా ఆవిడ పదకొండింటికే అన్నం పెట్టింది. పిల్ల ఇంజెక్షన్ కంచం నిండా అన్నానికి సరిపడా వేసుకుంది. అన్నం మాత్రం సగమే తింది. తోటి పిల్లలంతా పస్తుంటే తనొక్కతే కడుపునిండా తినడం తప్పనిపించి, మిగతాది పెరట్లో కోళ్లకు వేసేసింది. ఆ సంగతి మాకు సాయంత్రం గానీ తెలియలేదు.

చర్చిలో ఫోను మోగకూడదని, షుగరు పడితే మోగే అలారం నేనే ఆపేశాను. రెండో మాట అయ్యాక పిల్లలు పాటకి లేచారు. మా అమ్మాయి నావైపు చూసి అరచెయ్యి తిప్పింది. మామూలుగా ఒకసారి తిప్పుతుంది. ఆరోజు రెండుసార్లు తిప్పింది. ఒళ్లోని కాగితాల మీంచి కళ్లు తిప్పి ఫోను చూశాను. నూట నాలుగు. అంతకంటే మంచి అంకె ఏం కావాలి? పక్కన బాణం నిట్టనిలువుగా కిందికి ఉంది. కంటికి కనపడింది గానీ బుర్రకెక్కలేదు. బొటనవేలు పైకెత్తి, మళ్లీ నా నాలుగు పేజీల్లో పడిపోయాను.

పాట అయింది, మూడో మాట మొదలైంది, మళ్లీ ఇంకో పాటకి లేచారు. పావుగంట గడిచి ఉంటుంది. ఆడవాళ్ల వైపు బెంచీ జరిగిన చప్పుడైంది. తలెత్తేసరికి మా అమ్మాయి వరసలో లేదు.

దారి ఎప్పుడు దాటానో నాకు తెలియదు. పిల్ల నేలమీద కూలబడి ఉంది. ముఖం పాలిపోయి, జాకెట్టు చెమటతో తడిసిపోయింది. ఫోను డెబ్బై ఒకటి అంటోంది. “డెబ్బై ఒకటి ఉందే! అంత తక్కువేం కాదు,” అన్నాను. ఆ మాట నేనన్నానంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మా ఆవిడ నన్ను పట్టించుకోలేదు. నీళ్లసీసా వంచి పిల్ల వేలు కడిగింది, కొంగుతో తుడిచింది, గుచ్చింది. మీటరులో నలభై తొమ్మిది. చేలో నీళ్లున్నాయని నేను చూస్తూ కూర్చున్నాను, కాలవ ఎండిపోతోంది.

పిల్ల ఇంకా మింగగలుగుతోంది. మా ఆవిడ గ్లూకోజు మూడు చెంచాలు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించింది. పావుగంటకి పిల్ల కళ్లలో తెలివొచ్చింది. ఫోను మాత్రం యాభై ఎనిమిది చూపించింది. “ఇంకా పడిపోతోందే, మళ్లీ తాగించు,” అని కంగారుపడ్డాను. “ఆగండి. అది వెనకబడి ఉందండి,” అని మా ఆవిడ మళ్లీ వేలు గుచ్చింది. ఎనభై రెండు. పిల్లకి రెండు బిస్కెట్లు పెట్టింది.

పాస్టరుగారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. “మీ మాట ఇంకొకరు చెబుతార్లెండి మాస్టారూ.” నా కాగితాలు బెంచీ కింద ఎక్కడో పడిపోయాయి. వెతకలేదు.

సాయంత్రం మంచం మీద కూర్చుని కోళ్ల సంగతి పిల్ల తనే చెప్పింది. నేను కోప్పడతాననుకుంది. కోప్పడే మొహం నాకెక్కడుంది? “కళ్లు తిరుగుతుంటే మరి కూర్చోలేదేంటమ్మా?” అని అడిగాను.

“పాటకి లేచినప్పుడే కాళ్లు వణికాయి డాడీ. అందుకే రెండుసార్లు అడిగాను. నువ్వు బాగుందన్నావుగా. నాదే భయమేమో అనుకుని నిలబడ్డాను.”

తన ఒంటికంటే నా బొటనవేలిని ఎక్కువ నమ్మింది. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. దాన్ని ఉపవాసం అనడానికి నోరు రాలేదు. మర్నాడు డాక్టరమ్మ చెప్పినవన్నీ, మొదటిసారి విన్నట్టు, పిల్లతో కలిసి మళ్లీ చెప్పుకున్నాం. సైగలు తీసేశాం. ఒంట్లో తేడాగా ఉంటే ఎవర్నీ అడగక్కర్లేదు, లేచి వెళ్లి వేలు గుచ్చుకోవడమే అన్నాను.

ఈ ఏడాది గుడ్ ఫ్రైడేకి మూడో మాట మధ్యలో మా అమ్మాయి వరసలోంచి లేచింది. తల్లి దగ్గరున్న సంచి తీసుకుని తనే వరండాలోకి వెళ్లింది. పంపు దగ్గర చెయ్యి కడుక్కోవడం, వేలు గుచ్చుకోవడం కిటికీలోంచి కనిపించాయి. ఫోను చూశాను. నూట పద్దెనిమిది, అడ్డ బాణం. ఆమె తిరిగొచ్చి తన చోట నిలబడి పాట అందుకుంది. నా వైపు చూడలేదు. చూడకూడదని నేర్పింది నేనే. అయినా ఒకవేళ చూస్తుందేమోనని, మూడు గంటలయ్యేదాకా ఆమె మొహం మీంచి కళ్లు తిప్పకుండా కూర్చున్నాను.