కడుపుతో ఉన్నవాళ్లు మింగొద్దు

గుడిసెలో ఉన్నవాళ్లు నలుగురు: అత్త, కోడలు, కోడలి మూడేళ్ల కూతురు, పక్కింటి మంత్రసాని. గడప దగ్గర నేను. ఉన్న వస్తువులు: అడుగంటిన కషాయం కుండ, నువ్వులూ బెల్లమూ దంచిన రోలు, ఆకులో ఇంగువ ముక్క, వెల్లుల్లి పొట్టు, ముసాంబరం అంటిన గిన్నె, వాడకుండా పక్కన పెట్టిన చిత్రమూలం వేరు ఒకటి. కోడలి తల దగ్గర విప్పి పడేసిన గుడ్డ మూట. మూట ఖాళీగా ఉంది. అందులో ఉండాల్సినవి నేనిచ్చిన క్వినైన్ గోళీలు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. హైదరాబాదులో ఏడాది శిక్షణ పొంది, మలేరియా పని మీద అమ్రాబాదు వైపు ఊళ్లకు వచ్చాను. నీటి గుంటలు కొలవడం, పిల్లల పొట్ట తడిమి, మలేరియాకు ఉబ్బే ప్లీహం గడ్డ పెరిగిందో లేదో రాసుకోవడం, గోళీలు పంచడం నా పని. ఊరికి పోగానే జనాన్ని ఒకచోట చేర్చి, మాకు నేర్పిన ఐదు మాటలు వరసగా చెప్పాలి. ఖాళీ కడుపున మింగొద్దు. పిల్లలకు అందనివ్వొద్దు. జ్వరం తగ్గినా మధ్యలో ఆపొద్దు. చెవుల్లో హోరు పుడితే నాకు చెప్పాలి. ఐదోది, కడుపుతో ఉన్నవాళ్లు నన్ను అడగకుండా మింగొద్దు.

ఆ ఊళ్లో ఐదో మాట చెప్పినప్పుడు ఆడవాళ్లు నవ్వారు.

"గోళీల సారూ, నీకు పెండ్లయిందా?" అని మంత్రసాని అడిగింది.

"కాలేదు."

"మరి కడుపు ముచ్చట నీకెవరు జెప్పిన్రు?"

మళ్లీ నవ్వారు. నేనూ నవ్వి, పేర్లు రాసుకున్నాను. వాళ్లు గొర్ల కాపరులు. మగవాళ్లు మందల వెంట అడవి అంచుకు పోయి ఉన్నారు. ఈ గుడిసెకు పేర్లు ఎనిమిది, ఇంట్లో ఉన్నది ముగ్గురు. మిగిలిన ఐదుగురి గోళీలూ అత్త చేతికే ఇచ్చాను. మంద దగ్గరికి సద్ది మోసేటప్పుడు పంపిస్తానంది. అలా ఇవ్వకూడదని నిబంధనేమీ లేదు.

పన్నెండు రోజుల తర్వాత, గుంటలు మళ్లీ కొలవడానికి వచ్చినప్పుడు, పొద్దున్నే ఆ ముసలి అత్త దారికి అడ్డం వచ్చి నన్ను గుడిసెకు తీసుకుపోయింది.

"కండ్లల్ల పొగ కమ్మిందంటాంది సారూ. చెవుల్ల ఝుయ్యిమంటాందట. రాత్రంతా కక్కింది."

కోడలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అగ్గిపుల్ల గీసి ఆమె కళ్ల ముందు పెట్టాను. కంటిపాపలు పెద్దవై ఉన్నాయి. వెలుతురుకు ముడుచుకోలేదు.

"ఏం కనబడుతోందమ్మా?"

"ఏం పెట్టినవ్ ముందల?" అంది ఆమె.

అగ్గిపుల్ల నా వేలు దాకా కాలింది. నోటుబుక్కు తీసి, ఏమేం తిన్నదో చెప్పమన్నాను. అత్త తలుపు వైపు చూసింది. మగవాడితో చెప్పే సంగతి కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. చివరికి మంత్రసానే చెప్పింది. కోడలికి రెండు నెలలుగా ముట్టు రాలేదు. కిందటేడు కాన్పు మూడు రోజులు పట్టింది. బిడ్డ చచ్చి పుట్టింది, తల్లి బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. ఇంకో కాన్పైతే కోడలు దక్కదని మంత్రసాని అప్పుడే చెప్పింది. దసరాకు మొగుడు వచ్చి పోయాడు. ఆ తర్వాత నెల రాలేదు.

మొదట నువ్వులూ బెల్లమూ పెట్టారు. వారం చూశారు. తర్వాత వెల్లుల్లి, ఇంగువ వేసి కషాయం కాచారు. కడుపులో మంట తప్ప ఏమీ కాలేదు. ముసాంబరం పెట్టారు. రెండు రోజులు విరేచనాలై మనిషి లేవలేకపోయింది. కడుపులో మెలిపెడుతుంటే ఇక వస్తుందనుకున్నారు. రాలేదు. అప్పుడు మంత్రసాని చిత్రమూలం వేరు తెచ్చింది.

"నేనే వద్దన్న," అంది అత్త. "మా చిన్నాడబిడ్డ గా వేరుతోనే పోయింది. లోపలంత పుండై, జరమొచ్చి, తొమ్మిది రోజులు ఒర్లింది. నా కోడలికి గది పెట్టనిస్తనా?"

"మరి గోళీలు?"

"సర్కారు గోళీలాయె. సర్కారోళ్లు సావుమందిస్తరా?"

నేను ఖాళీ మూట తీసి దులిపి చూశాను. ఆమె నాకు అర్థం కాలేదనుకుని మళ్లీ చెప్పింది.

"నువ్వే జెప్తివి గద సారూ, కడుపుతోని ఉన్నోళ్లు మింగొద్దని. అంటే కడుపు నిలువదనే గద. గందుకే ఇచ్చిన. మూటలున్నయన్నీ కషాయంల నూరి తాగిపిచ్చిన."

ఇదంతా నోటుబుక్కులో రాశాను. చేతిరాత ఎప్పటిలాగే ఉంది. తర్వాత చూసుకున్నా ఎక్కడా వంకర పోలేదు.

బండి కట్టించి, తర్వాత బస్సులో పాలమూరు దవాఖానకు చేర్చేసరికి రెండో రోజు మధ్యాహ్నమైంది. దారి పొడుగునా ముసలామె కోడలి చెయ్యి పట్టుకునే ఉంది. చెట్టు వస్తే చెట్టొచ్చిందనీ, వాగు వస్తే వాగొచ్చిందనీ చెప్పింది. ఒకచోట కోడలు, "బిడ్డకు జొన్నరొట్టె పెట్టిన్రా?" అని అడిగింది. పెట్టారంది అత్త. బిడ్డ ఊళ్లో మంత్రసాని దగ్గర ఉంది, పెట్టారో లేదో మాకెవరికీ తెలియదు.

డాక్టరమ్మ కోడలిని లోపలికి తీసుకుపోయింది. నేనూ ముసలామే బయట బల్ల మీద కూర్చున్నాం. గంట తర్వాత డాక్టరమ్మ వచ్చి, నా నోటుబుక్కు తీసుకుని చదివింది.

"ఇవన్నీ తాగించారా?"

"వేరు తప్ప."

"కడుపు లేదు," అంది డాక్టరమ్మ. "గర్భసంచి మామూలుగానే ఉంది. ఎడమ పక్క గడ్డ బొడ్డు దాకా పెరిగింది. ఒంట్లో రక్తం లేదు. ఎన్నాళ్లుగానో జ్వరం కాస్తున్నట్టుంది. అలాంటి ఒంట్లో ముట్టు దానంతటదే ఆగిపోతుంది."

ముసలామె నా వైపు తిరిగింది. "ఏమంటాంది సారూ?"

"మీ కోడలికి కడుపు రాలేదట అవ్వా."

"మరి నెలెందుకు రాలే?"

"జ్వరం వల్ల."

"జరానికే గద నువ్వు గోళీలిచ్చింది," అంది. కోపంగా కాదు. నిజంగా లెక్క కుదుర్చుకుంటున్నట్టు అంది.

అవును. ఆ గోళీలు ఆమెకే అవసరం. పద్ధతి ప్రకారం రోజూ కొన్ని మింగి ఉంటే జ్వరం తగ్గేది. రక్తం పట్టేది. ముట్టు వచ్చేది.

చూపు గురించి అడిగాను. ఒక్కసారిగా అంత మందు లోపలికి పోతే కంటి నరం దెబ్బతింటుందనీ, గుండె ఆగకపోవడమే అదృష్టమనీ డాక్టరమ్మ చెప్పింది. నిజంగా కడుపు ఉండి ఉంటే పోయేదా అని అడిగాను. "పోతుందో లేదో ఎవరూ చెప్పలేరు," అంది. "తల్లి పోవచ్చు, కడుపు నిలవొచ్చు. అలాంటివీ చూశాను."

పదో రోజుకు కోడలికి నడిమధ్యన కొంచెం చూపు వచ్చింది. గొట్టంలోంచి చూసినట్టు ఉందంది. ముఖం కనిపిస్తుంది, పక్కన ఎవరున్నారో కనిపించదు. అంతకంటే పెరగలేదు. నాలుగో నెలలో, ఇనుము కలిపిన మందు తప్ప ఇంకేమీ తాగకుండానే, ముట్టు వచ్చింది. ఆ సంగతి ముసలామె నాకు అంగట్లో చెప్పింది, మగవాడినని చూడకుండా.

మా ఇన్‌స్పెక్టర్ సాబ్‌కు జరిగింది రాసి పంపాను. ఐదో మాట నలుగురిలో చెప్పొద్దనీ, ఇంట్లో లేని మనిషి గోళీలు ఇంకొకరి చేతికి ఇవ్వొద్దనీ, ఎవరివి వాళ్లతో నా ఎదుటే మింగిస్తాననీ రాశాను. గోళీల సంగతికి సరేనన్నారు. ఐదో మాట పైనుంచి వచ్చింది, తీసెయ్యడానికి వీల్లేదన్నారు.

తర్వాత నోటుబుక్కు తిరగేసి, ఆ ఏడాది ఐదో మాట చెప్పిన ఊళ్లన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను. వీలైనప్పుడల్లా వెనక్కి వెళ్లి, ఇళ్లల్లో మిగిలిన మూటలు విప్పించి గోళీలు లెక్కపెట్టాను. వాన పడి వాగులు వచ్చేదాకా తిరిగాను.

చెప్పిన ఊళ్లు పందొమ్మిది. తిరిగి వెళ్లినవి పదకొండు.