పిన్ని గుర్రం పాతుకున్న గడి

మా పిన్నికి కళ్లద్దాల కొట్టు ఉంది. కొట్టులో కొలత తీసుకునేటప్పుడు ఎంత నిదానమో, చదరంగం బల్ల ముందు అంత దూకుడు. ఎదుటివాళ్ల సగంలో ఖాళీ గడి కనిపిస్తే చాలు, గుర్రాన్ని తోలేస్తుంది. పోయిన రెండు పోటీల్లో దాన్ని ఒకసారి ఎదుటి బంటు తరిమింది, ఒకసారి బిషప్ కొట్టేసింది.

మా జట్టు నాయకుడు బాబాయే, అంటే ఆవిడ మొగుడే. జట్టులో గట్టి ఆటగాళ్లు మొదటి బోర్డు నుంచి వరసగా కూర్చుంటారు. ఇంట్లో గట్టిగా మాట్లాడలేనివాడు, జట్టు దగ్గరికొచ్చేసరికి పులైపోయాడు. "ఇవాళ గెలవకపోతే నీ నాలుగో బోర్డు ఇంకొకరికిస్తా" అన్నాడు.

"చూద్దాం లెండి" అంది పిన్ని, కుర్చీ లాక్కుంటూ.

నా ఆట తొందరగా డ్రా అయ్యింది. వెళ్లి ఆవిడ వెనక నిలబడ్డాను. ఎదురుగా మీసాలాయన. తన రెండు బంట్లను ముందుకు నెట్టేసి, వాటి మధ్య గడిని ఏ బంటూ కాయలేకుండా వదిలేశాడు. ఆ గడికి పిన్ని బంటు కాపలా ఉంది. గుర్రం ఒక్క గెంతు దూరంలో ఉంది. బాబాయి తన మూడో బోర్డు దగ్గర నుంచి మెడ చాచి చూస్తున్నాడు.

పిన్ని గెంతలేదు. నా ప్రాణం కుదుటపడింది. ఆ గడిని మీసాలాయనకు మిగిలిన ఒక్క గుర్రమూ, తెల్ల గళ్లలో తిరిగే బిషప్పూ చూస్తున్నాయి. ఇప్పుడు దూకితే వాటిలో ఒకటి కొట్టేది, పిన్ని బంటుతో తిరిగి కొట్టక తప్పేది కాదు. అప్పుడా గడిలో గుర్రానికి బదులు బంటు కూర్చునేది. అంత మంచి చోటు దండగయ్యేది.

ముందు తన బిషప్‌నిచ్చి ఆ గుర్రాన్ని తీసేసింది. బిషప్‌లంటే ప్రాణం పెట్టే బాబాయి ముఖం గంటు పెట్టుకున్నాడు. తర్వాత రెండో బిషప్‌ను మీసాలాయన బిషప్‌కి ఎదురుగా పెట్టింది. ఆయన ఆలోచించకుండా కొట్టాడు. తిరిగి కొట్టిన పిన్ని బంటు ఆ గడికి రెండో కాపలా అయ్యింది. ఇక ఆయనకు మిగిలిన బిషప్ నల్ల గళ్లు దాటి రాలేదు.

అప్పుడు దూకించింది గుర్రాన్ని. తరమడానికి బంటు లేదు, మార్చుకోవడానికి మరో గుర్రం లేదు. ఏనుగునిచ్చి కొట్టాలంటే ఆయనకు చేతులు రాలేదు. గుర్రం అక్కడే పాతుకుపోయింది, దాని అండతో పిన్ని మంత్రీ ఏనుగూ లోపలికి చొరబడ్డాయి. మీసాలాయన నవ్వుతూనే చెయ్యి చాచి ఓటమి ఒప్పుకున్నాడు. నాకు ఈల వెయ్యాలనిపించింది.

బయట వరండాలో బాబాయి గొంతు సవరించుకున్నాడు. "సరే, నాలుగో బోర్డు నీదే."

"నాలుగోది ఎవరిక్కావాలండీ? మూడోది ఇవ్వండి."

"మరి నేనో?"

"నాలుగోది ఖాళీ అయ్యిందిగా" అంది పిన్ని.