పన్నెండు కాదు, పదిహేడు నిమిషాలు

మా నాన్నకు పక్షవాతం వచ్చి తగ్గిన తర్వాత కాలు నిలబడింది, మాట చాలావరకు తిరిగి వచ్చింది. నోట్లో కుడివైపు మాత్రం మొద్దుబారిపోయింది. అన్నం ముద్ద ఆ పక్కకు వెళ్లిందంటే ఉందో లేదో తెలిసేది కాదు. ఆయన అంతకన్నా పెద్ద విషయాన్ని పోగొట్టుకున్నారని మాకు కొన్నాళ్ల తర్వాత అర్థమైంది. తాగినదేదైనా ఆ పక్కకే జారేది, టీ ఎంత వేడిగా ఉందో ఆయనకు తెలియడం లేదు.

నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. పాతికేళ్లు సీసపు అక్షరాలు ఏరి ఏరి ఆయన వేళ్లు మొద్దుబారాయి, పొయ్యి మీది గిన్నె కూడా ఒట్టిచేత్తో దించేవారు. రోజూ ప్రెస్సు అయ్యాక స్టేషను దగ్గర ఒక ముసలి భాయ్ టీ కొట్టులో, పొయ్యి పక్క బల్ల మీద కూర్చునేవారు. స్నేహితులంతా అక్కడికే చేరేవారు. జబ్బు తగ్గి మొదటిసారి అక్కడికి వెళ్లిన రోజున, గ్లాసు చేతికి రాగానే పాత అలవాటు కొద్దీ గుక్కెడు తాగేశారు. ఇంటికి వచ్చేసరికి బుగ్గ లోపల పెద్ద బొబ్బ. ఆయనకు నొప్పి లేదు, అమ్మ చూసి ఏడ్చింది.

ఆ రోజు నుంచి కొట్టు బంద్. ఇంట్లో టీ ఇచ్చేముందు అమ్మ చిటికెనవేలు గ్లాసులో ముంచి చూసేది. అనుమానం తీరక ఇంకాసేపు ఆరబెట్టేది. నాన్న దగ్గరికి వచ్చేసరికి దాని మీద మీగడ ముడతలు పడి ఉండేది.

"ఇది టీయా, కషాయమా?" అనేవారు.

"నోరు కాల్చుకునేకంటే కషాయమే మేలండి" అనేది అమ్మ.

సాసర్లో పోసుకోమంటే రెండు చేతులూ స్థిరంగా ఉండాలి, ఆయన కుడిచెయ్యి వణుకుతుంది. మీరే వేలు పెట్టి చూసుకోండని నేనంటే నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. "నలుగురి మధ్యా గ్లాసులో వేలు ముంచుకుంటూ కూర్చోమంటావా? అయినా ఈ వేళ్లకి వేడేం తెలుస్తుంది?" అన్నారు. ఆ తర్వాత సాయంత్రాలు వాకిట్లో కూర్చుని, స్టేషను వైపు నుంచి వచ్చే రైలు కూతలు వింటూ ఉండేవారు. నాకు ఆయన మీద జాలికన్నా కోపమే ఎక్కువగా ఉండేది. అంత మనిషి ఒక గ్లాసు టీకి ఇలా అయిపోవడమేంటని.

నేను అప్పుడు బాపట్లలో బీఎస్సీ రెండో సంవత్సరం. పొద్దున్నే ప్యాసింజరులో వెళ్లి సాయంత్రం అదే దారిలో వచ్చేదాన్ని. చుండూరు దాటాక పొలాల మీద మంచు తెరలు తెరలుగా లేస్తుంటే నేలంతా ఎవరో ఇప్పుడే పొయ్యి మీంచి దించినట్టుండేది. ఆ రోజుల్లో నాకు ఏది చూసినా ఆవిర్లే. ఒళ్లో ల్యాబ్ రికార్డు తెరిచి ఉండేది, కళ్లు కిటికీలో ఉండేవి.

ఆ రికార్డులోనే వేడి వస్తువు చల్లారే ప్రయోగం ఉంది. రాగి గిన్నెలో వేడినీళ్లు పోసి, కలుపుతూ, నిమిష నిమిషానికీ థర్మామీటరు చూసి రాసుకోవాలి. వస్తువు ఎంత వేడిగా ఉందన్నది కాదు ముఖ్యం, చుట్టూ ఉన్న గాలికన్నా ఎంత ఎక్కువ వేడిగా ఉందన్నదే ముఖ్యం. ఆ ఎక్కువలోంచి ప్రతి నిమిషం ఒకే వంతు పోతుంది. మొదట్లో త్వరత్వరగా దిగుతుంది, తర్వాత తీరిగ్గా దిగుతుంది, గది వేడిని చేరుతున్నట్టే ఉంటుంది గానీ పూర్తిగా చేరదు. గ్రాఫు మీద ఆ గీత కిందికి వంగి వంగి సాగిపోతుంటే నాకు నిద్ర ముంచుకొచ్చేది. అదే ఎక్కువకు లాగ్ పట్టికలో విలువ చూసి వేస్తే గీత వంపు లేకుండా తిన్నగా వచ్చేది. ఒకరోజు రైల్లో ఆ గీత చూస్తూ చూస్తూ, ఇది నీళ్లకెందుకు, టీకి వేస్తే పోలేదా అనిపించింది. మనసు ఎగిరి గంతేసింది.

డిమాన్‌స్ట్రేటరు గారిని బతిమాలి ఒక థర్మామీటరు అడిగాను. "పగలగొట్టావంటే మళ్లీ ల్యాబులో అడుగు పెట్టకమ్మా" అని ఇచ్చారు. భాయ్ తన కొట్టు గ్లాసులు రెండు పంపాడు. శివరాత్రి ఇంకా రాకముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా వసారాలో ప్రయోగం పెట్టాను. ఒక గ్లాసులో థర్మామీటరు, రెండోది అమ్మ చేతిలో. వసారాలో ముప్ఫై డిగ్రీలుంది.

పోయగానే టీ ఎనభై. నాలుగు నిమిషాలకు డెబ్భైకి దిగింది. అమ్మ పెదవి ఆనించి "అబ్బో" అంది. ఎనిమిదో నిమిషానికి అరవై ఒకటిన్నర. "ఇంకా చురుక్కుమంటోంది." పన్నెండో నిమిషానికి యాభై ఐదు. అమ్మ ఒక గుక్క మింగి, ఇంకో గుక్క తాగి, గ్లాసు వదల్లేదు. "ఇదిగో, ఇప్పుడు బాగుంది!" అంది. ఎనభైలోంచి గది ముప్ఫై తీసేస్తే యాభై. పన్నెండు నిమిషాల్లో ఆ యాభై ఇరవై ఐదైంది, సరిగ్గా సగం. లెక్కంటే ఇంత అందంగా కుదురుతుందని నాకు అంతకుముందు తెలియదు. నాన్న నా కాగితం తీసుకుని అచ్చుతప్పుల కోసం చూసినట్టు పైనుంచి కిందికి చూశారు.

"అయితే పన్నెండు నిమిషాలన్నమాట" అన్నారు. ఆయన కళ్లలో చాలా రోజుల తర్వాత తడి లేని వెలుగు చూశాను.

కొట్టుకు వెళ్లడానికి అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. నాన్న నెలా రెండు నెలలు ఇంట్లోనే గడియారం పెట్టుకుని తాగారు, ఒక్కసారి కూడా నోరు కాలలేదు. ఎండలు ముదిరాక అమ్మ సరే అంది. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, వాచీ పెట్టుకుని వెళ్లారు. పన్నెండు నిమిషాలు చూసుకునే తాగారట. ఇంటికొచ్చాక అమ్మ నోరు తెరవమని దీపం పెట్టి చూసింది. మొద్దుబారిన వైపు, పాత మచ్చ పక్కనే, కొత్త బొబ్బ.

అమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "ఇక కొట్టు మాట ఎత్తకండి" అని ఆయనతో మాత్రం అంది. నేను వంటింటి గడప మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. నా చదువు నా తండ్రి నోరు కాల్చింది అనుకున్నాను.

నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. మాట కాస్త ముద్దగా వచ్చేది. "అమ్మాయ్, ప్రూఫు ఒక్కసారి చూసి ఎవడైనా అచ్చుకి పంపుతాడా? తప్పు ఎక్కడుందో వెతుకు. ఉంటుంది."

మర్నాడు మధ్యాహ్నం థర్మామీటరు సంచిలో పెట్టుకుని ఆయనతో కొట్టుకు వెళ్లాను. అప్పట్లో ఆడపిల్ల టీ కొట్టులో అడుగుపెట్టడమంటే అందరి తలలూ తిరగడమే. భాయ్ పొయ్యి పక్క బల్ల తుడిచి, "కూర్చో తల్లీ, ఏం కొలుస్తావో కొలువు. మా టీ మీద నేరం లేదని తేల్చు చాలు" అన్నాడు.

గ్లాసులో పోయగానే చూశాను. అదే ఎనభై. పన్నెండో నిమిషంలో చూస్తే అరవై. ఐదు డిగ్రీలు ఎక్కువ. ఆ టీని తెలియని బుగ్గలో కాసేపు పెట్టుకుంటే చాలు. ఎందుకు దిగలేదో అర్థం కాక థర్మామీటరు తీసి తుడిచి, చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. కొంతసేపటికి పాదరసం నలభై దగ్గర ఆగి ఉండటం చూశాను. అది టీ కాదు. పొయ్యి పక్క గాలి.

నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మా ల్యాబులో అటెండరు పొద్దున్నే నల్లబల్ల మీద రూమ్ టెంపరేచర్ ముప్ఫై అని రాసేవాడు. మధ్యాహ్నం బ్యాచీ వాళ్లమూ అదే ఎక్కించుకునేవాళ్లం. చెమటలు కారుతున్నా ముప్ఫయ్యే. చలికాలమైనా, ఎండాకాలమైనా ముప్ఫయ్యే. ఎవరూ లేచి కొలిచిన పాపాన పోలేదు. గది వేడి అంటే మాకు గది కాదు, బల్ల మీది అంకె. టీ ముప్ఫై వైపు దిగుతుందని నేను రాసుకున్నాను, పాపం అది పొయ్యి పక్క నలభై వైపు దిగుతోంది.

అక్కడే కాగితం మీద మళ్లీ వేశాను. ఎనభైలోంచి నలభై పోతే ఎక్కువ నలభై. పన్నెండు నిమిషాలకు సగమై ఇరవై, అందుకే అరవై. యాభై ఐదుకి రావాలంటే ఎక్కువ పదిహేనుకి తగ్గాలి. లాగ్ పట్టిక తీసి చూస్తే పదిహేడు నిమిషాలు. భాయ్ ఇంకో గ్లాసు పోశాడు, నాన్న వాచీ చూస్తూ కూర్చున్నారు. పదిహేడు అనగానే నేను గ్లాసులో థర్మామీటరు పెట్టాను. యాభై ఐదు. అక్కడే లేచి గంతులేద్దామనిపించింది, ఆడపిల్లనని ఊరుకున్నాను.

ఆ వారమే నాన్న ప్రెస్సుకు వెళ్లారు. కుడిచెయ్యి వణుకుతుంది కాబట్టి అక్షరాలు పేర్చే చట్రాన్ని బల్ల మీద పెట్టి, ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరం ఏరారట. జబ్బు చేశాక ఆయన కూర్చిన మొదటి అచ్చు అది. పోస్టుకార్డులో సగం ఉంది. మూడే పంక్తులు: చలికాలం, పన్నెండు నిమిషాలు. ఎండాకాలం నీడలో, పద్నాలుగు. పొయ్యి పక్కన, పదిహేడు. మధ్యదానికి ముప్ఫై ఐదు డిగ్రీలు వేసి నేనే లెక్క కట్టి ఇచ్చాను. ఒక్క అచ్చుతప్పు లేదు. అమ్మ కార్డు చదివి బియ్యం డబ్బా మీద పెట్టింది. గ్లాసులో వేలు ముంచడం మాత్రం మానలేదు.

తర్వాతి నెలలో నాన్న తన చెల్లెలిని చూడటానికి రేపల్లె ఒంటరిగా వెళ్తానని పట్టుబట్టారు. కార్డు జేబులో పెట్టుకున్నారు. సాయంత్రం బండికి నేనూ అమ్మా స్టేషనుకు వెళ్లాం. బండి వచ్చింది, జనం దిగారు, ఖాళీ అయింది. నాన్న లేరు. అమ్మ బండి చివరిదాకా వెళ్లి చూసి వచ్చింది. "మళ్లీ పడిపోయారేమోనే" అంటూ బెంచీ మీద కూలబడింది. తర్వాతి బండి దాకా ఆ ప్లాట్‌ఫారం మీద గాలి కూడా కదల్లేదు, నేను ఎన్ని దేవుళ్లకు మొక్కుకున్నానో లెక్కలేదు.

తర్వాతి బండిలో నాన్న తాపీగా దిగారు.

"ఏమైందండీ?" అమ్మ ఎదురెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

"అక్కడ ప్లాట్‌ఫారం మీద టీ తీసుకున్నాను. గ్లాసు మన భాయ్ గ్లాసు సైజే, చూసుకున్నాను. నీడలో పద్నాలుగు నిమిషాలు. ఎనిమిదో నిమిషానికే బండి కూత వేసింది" అన్నారు. "ఇంకా ఆరు నిమిషాలుంది. పోతే పోయిందనుకున్నాను."

అమ్మ ఆయన్ని అక్కడే దీపస్తంభం కింద నిలబెట్టి నోరు తెరవమంది. దాటిపోయేవాళ్లు వింతగా చూశారు. అటూ ఇటూ తిప్పి చూసింది. బొబ్బ లేదు. "బండి వదులుకుంటారా టీ కోసం!" అని ఆయన భుజం మీద ఒక్కటి వేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున అమ్మ టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆవిర్లు కక్కుతోంది. వేలు ముంచలేదు. గోడకున్న ఆయన వాచీ తీసి గ్లాసు పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది.