గేజీ మీద మూడంగుళాలు

బుచ్చయ్యపేట అవతల గెడ్డకి, అంటే వాగుకి, అడ్డంగా సిమెంటు గోడ కట్టి, దాని మధ్య కంతలో ఇనప రేకు బిగించిన ఏడాది, దిగువ ఊరి దేముడికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. ఉద్యోగమంటే ఏమంత ఉద్యోగం! రోజూ పొద్దున్నే వెళ్లి గేజీ కర్ర మీద నీరు ఎన్ని అంగుళాలుందో చూసి, అడిగిన వాళ్లకి చెప్పడం. అయినా ఆ రోజు నుంచి దేముడు చొక్కా లేకుండా గెడ్డ దిగలేదు.

ఆ రేకు అంచుని అనకాపల్లిలో ఇసాక్ సాయిబు ఆకురాయితో అరగదీసి కత్తిలా చేశాడు. నీరు ఆ పదును మీద నుంచి దూకి, రేకుకి అంటుకోకుండా, వెనక గాలి ఆడేలా ఎడంగా పడాలి. అంచు మీద ఎంత ఎత్తున నీరుంటే దాన్ని బట్టి గెడ్డలో ఎంత పారుతోందో లెక్క కడతారు. ఆ ఎత్తు చూసే కర్రని మాత్రం రేకు పక్కన పాతలేదు. అంచు దగ్గరికొచ్చేసరికి నీరు కిందికి వంగుతుంది కనక, కాస్త ఎగువన, నీరు నిదానంగా ఉన్న చోట పాతారు. కర్ర మీది సున్నా, రేకు అంచు ఒకే మట్టం.

ఓవర్సీరు సన్యాసిరావు ఇదంతా గడగడా అప్పజెప్పి, "రేకు జోలికీ కర్ర జోలికీ ఎవడూ పోకూడదు" అని జీపెక్కాడు. దేముడి బుర్రలో నిలిచింది కర్ర ఒక్కటే. కర్ర ముట్టుకోకూడదు, కర్ర చూపిన అంకె మార్చి చెప్పకూడదు. రేకు అంటే వాడికి నీరు దూకే గుమ్మం, అంతే.

ఆ అంకె మీదే రెండూళ్ల బతుకు. గోడకి ఎగువన, మోతుబరి త్రినాధరావు ఊరి కాలువ ఉంది. వాళ్లు తీసుకోగా మిగిలిందే గోడ దాటి దేముడి ఊరికి వస్తుంది. కర్ర మీద మూడంగుళాల కన్నా తగ్గితే ఎగువ కాలువ తలుపు దించెయ్యాలి. తగ్గకపోతే తెరిచే ఉంచుకోవచ్చు. ఆఫీసు వాళ్లు పెట్టిన కట్టుబాటు ఇది.

అరవై అయిదు వేసవి. దేముడి పెళ్లాం బుల్లమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని గోడ మీద నడిచి వస్తూ, కంత దాటబోయి జారింది. రేకు అరికాలిని చీల్చేసింది. కాలు బుంగలా వాచి, చీము పట్టి, ఆఖరికి అనకాపల్లి ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

"ఆ రేకుకేదైనా సెయ్యయ్యా. రేపు ఇంకోలి కాలు తెగుద్ది" అని మంచం మీంచి ఏడ్చింది.

దేముడు తిన్నగా త్రినాధరావు వీధరుగు దగ్గరికెళ్లాడు. రేకుని వంచడమా, కంత మీద పలక వెయ్యడమా అని సలహా అడిగాడు. అడగక అడగక ఆ మహానుభావుణ్ణి అడిగాడు, ఏం చెప్పమంటారు! త్రినాధరావు బెల్లం తోలే లారీ ఉన్నవాడు. గోడ కడుతున్నప్పుడు పక్కనే నిలబడి ఓవర్సీరు చెప్పిందంతా చెవులు రిక్కించి విన్నవాడు.

"వంచితే గవర్నమెంటోళ్లు నిన్ను జైల్లో ఎడతారు. ఇదుగో, లారీ టైరు ముక్క. గాడి సీల్చి అంచుకి తొడిగీ. కాలికి మెత్తగుంటాది."

"మీ రునం ఉంచుకోను బాబూ" అన్నాడు దేముడు, కళ్లనీళ్లు పెట్టుకుని.

టైరు తొడిగాడు. అంచు అంగుళం లేచింది, దాంతో వెనక నిలిచిన నీరూ అంతే లేచింది. కర్ర మీది సున్నా మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. త్రినాధరావు తన కాలువ తలుపు ఇంకాస్త, ఇంకాస్త ఎత్తించి, కర్ర సరిగ్గా మూడు చూపే దగ్గర ఆపాడు.

దిగువన గెడ్డ చిక్కిపోయింది. చెరకు ఆకు చుట్టుకుంది. బుల్లమ్మ తమ్ముడు పైడిరాజు వచ్చి మొత్తుకున్నాడు.

"బావా, నీరు రాట్లేదు. ఓ మాట సెప్పి తలుపు దింపించు."

"కర్ర మూడు సూపిత్తంది. నానేటి సెయ్యను?"

"కర్ర కాదు బావా, సేను సూడు!"

"కర్ర అబద్ధమాడదురా. మీకు బోదెలు బాగుసేసుకోడానికి బద్ధకం, నా మీద ఏడుత్తారు." చొక్కా గుండీ పెట్టుకుంటూ అన్నాడు. వాడి చెరకూ ఆ ఎండేవాటిలోనే ఉంది. అయినా చూసి చూసి అంకె మార్చలేదు. అమాయకుడందామంటే నోరు రావడం లేదు, ఒట్టి గాడిద!

సన్యాసిరావు ఏం చేస్తున్నాడంటారా? వచ్చినప్పుడల్లా త్రినాధరావు అరుగు మీద టీ తాగి, దేముణ్ణి అక్కడికే పిలిపించి అంకె కనుక్కుని పోయేవాడు. గెడ్డ దిగితే బూట్లకి బురదవుతుంది కదా, పాపం.

చివరికి పైడిరాజు అనకాపల్లి ఆఫీసు ముందు కూర్చుని గోల చేస్తే, పైవాళ్లు చీవాట్లు పెట్టి సన్యాసిరావుని తోలారు. రెండూళ్లూ గట్టు మీద చేరాయి. ఓవర్సీరు కంత వంక చూసి కొయ్యబారిపోయాడు. నీరు దూకడం లేదు. నల్లటి టైరుని పట్టుకుని జారుతోంది.

"ఎవడు తొడిగాడ్రా ఇది?"

"నానే బాబూ. కాళ్లు తెగుతన్నాయని" అన్నాడు దేముడు. మెప్పు వస్తుందనుకున్నాడు, వెర్రివాడు.

సన్యాసిరావు మనుషుల చేత టైరు లాగించాడు. వెనక నిలిచిన నీరు భళ్లున దూకి, కాసేపటికి కుదురుకుంది. అందరూ చూస్తుండగానే కర్ర మీద నీరు మూడు నుంచి జారి, రెండు దగ్గర ఆగింది.

"ఇన్నాళ్లూ పారింది ఇదీ! అంగుళమే కదా అనుకోకండి. మూడుకి బదులు రెండు దూకితే, దగ్గర దగ్గర సగం నీరు పోయినట్టే" అన్నాడు ఓవర్సీరు.

దేముడు కర్ర వంక, రేకు వంక మార్చి మార్చి చూశాడు. టైరు ఎత్తిన అంగుళాన్నే కర్ర పారే నీరుగా చూపిందని వాడికి అప్పుడర్థమైంది.

"టైరు త్రినాధరావు బాబు ఇచ్చేరు. ఆరే తొడగమన్నారు" అన్నాడు.

"నానా? ఓరి నీ దుంపతెగ! లారీ సెడ్డులో టైరు ముక్క పోయిందని వెతుక్కుంటన్నాను. నువ్వా ఎత్తుకుపోయింది?"

గట్టు మీద నవ్వారు. అవును, నవ్వారు. సన్యాసిరావుకి ఆ అరుగు మీద తాగిన టీలు గుర్తొచ్చాయి కాబోలు, ఇంకో ప్రశ్న వెయ్యలేదు. "నీకు పని లేదు, ఫో" అన్నాడు.

జీపు కదిలాక పైడిరాజు బావ చొక్కా చింపాడు. ఆ టైరు ముక్కకి తాడు కట్టి మెళ్లో వేసి, ఊరంతా నడిపించాడు. చెప్పుతో కొట్టిన వాళ్లున్నారు, మొహం మీద ఉమ్మిన వాళ్లున్నారు. కుంటుకుంటూ అడ్డమొచ్చిన బుల్లమ్మని సొంత తమ్ముడే తోసేశాడు. ఎగువ కాలువ తలుపు ఆ సాయంత్రమే దించారు గానీ, అప్పటికి దిగువ చెరకు పశువులు కూడా మూతి పెట్టనంతగా ఎండింది.

ఊళ్లో ఎవరూ పనికి పిలవలేదు. నిప్పు కూడా ఇవ్వలేదు. పిల్లలు గంజి కోసం ఏడుస్తుంటే త్రినాధరావు కబురంపాడు. "దేముడు మావోడే. మా సెరుకు నరకడానికి రమ్మను. సగం కూలి ఇత్తాను."

వెళ్లాడు. వెళ్లక ఏం చేస్తాడు? తన ఊరి నీటితో నిలువెత్తు పెరిగిన చెరకుని తన చేత్తో నరికాడు. బెల్లం వండిన రోజు త్రినాధరావు అందరి ముందూ పెద్ద ముద్ద తీసి వాడి పైపంచెలో వేశాడు.

ఇంటికొచ్చి బుల్లమ్మ ముందు పెట్టాడు. విసిరికొడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండుననుకున్నాడు. ఆవిడ తెగిన కాలు చాపుకుని కూర్చుని, బెల్లాన్ని రాతి మీద చితక్కొట్టి, పిల్లలందరికీ పంచింది.

"తినండ్రా. మన నీరే" అంది.

దేముడి చేతిలోనూ ఓ ముక్క పెట్టింది. వాడు తిన్నాడు.